లీజు మధ్యలో అద్దె మారితే అడెండమ్ ఎలా రాసుకోవాలి?

దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్ సెంటర్ కోసం ఒక ఫ్లోర్‌ను మూడేళ్లకు లీజుకు తీసుకున్నారనుకుందాం. 2024 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా రిజిస్టరైన లీజు. అద్దె నెలకు 40,000 రూపాయలు, ఏటా 5 శాతం పెంపు. రెండో ఏడాది అది 42,000 అయింది. అదే సమయంలో ముందు రోడ్డు తవ్వేసి పిల్లలు రావడం తగ్గింది. ఓనరు మంచి మనసుతో, "జూన్ నుంచి ఆరు నెలలు 35,000 ఇవ్వమ్మా, తర్వాత చూసుకుందాం" అన్నారు.

గొడవంతా ఆ "తర్వాత చూసుకుందాం" దగ్గరే మొదలవుతుంది. నెలకు 7,000 చొప్పున ఆరు నెలలకు తగ్గింది 42,000. అది మాఫీయా, వాయిదానా? మూడో ఏడాది 5 శాతం దేని మీద వేస్తారు? 42,000 మీద వేస్తే 44,100, 35,000 మీద వేస్తే 36,750. ఏడాదికి 88,200 తేడా. ఎవరి లెక్క వారికి న్యాయంగానే కనిపిస్తుంది.

పైగా రిజిస్టరైన దస్తావేజు షరతులను తర్వాత నోటిమాటతో మార్చుకున్నామని చెబితే, దాన్ని రుజువు చేయడానికి చట్టం ఒప్పుకోదు. పాత సాక్ష్య చట్టం 92వ సెక్షన్‌లో ఉన్న ఈ నియమమే ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 95వ సెక్షన్‌లో ఉంది. రేపు ఇల్లు ఓనరు పిల్లల చేతికి వస్తే వాళ్ల దగ్గర ఉండేది 42,000 అని రాసిన కాగితం, బ్యాంకులో 35,000 పడిన ఎంట్రీలు. చూసేవాళ్లకు అది బకాయిలాగే ఉంటుంది.

అందుకే ఈ మార్పును అడెండమ్‌గా, అంటే అసలు లీజుకు జత చేసే అనుబంధ పత్రంగా రాసుకోవాలి. మొదట అసలు లీజు తీసి, మార్పుల గురించి ఏం రాశారో చదవండి. "ఇరుపక్షాలు సంతకం చేసిన రాతపూర్వక పత్రంతోనే" అన్న మాట చాలా వాటిలో ఉంటుంది. అదే కాగితం నుంచి డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పేరు, ఇంటి నంబరు ఉన్నవి ఉన్నట్టు అడెండమ్ మొదటి పేరాలోకి ఎక్కించండి. ఇవి లేకపోతే ఏ లీజుకు అనుబంధమో తేలదు.

తర్వాత మారే షరతు. "అద్దె తగ్గించడమైనది" అని ఒక్క ముక్కలో వదిలేయొద్దు. ఇలా రాయండి:

"అసలు లీజు 4వ షరతు ప్రకారం నెలకు రూ. 42,000గా ఉన్న అద్దె 2025 జూన్ 1 నుంచి 2025 నవంబర్ 30 వరకు రూ. 35,000గా ఉంటుంది. ఈ ఆరు నెలల్లో తగ్గిన రూ. 42,000ను ఓనరు పూర్తిగా వదులుకున్నారు. దాన్ని బకాయిగా అడగరు, అడ్వాన్స్‌లో కోయరు. 2025 డిసెంబర్ 1 నుంచి అద్దె మళ్లీ రూ. 42,000. 2026 ఏప్రిల్ 1 పెంపును రూ. 42,000 మీద లెక్కించి రూ. 44,100గా తీసుకోవాలి. మిగతా షరతులన్నీ యథాతథం."

మాఫీ కాదు, వాయిదా అయితే ఏ నెల నుంచి ఎన్ని వాయిదాల్లో ఎంతెంత కట్టాలో ఆ వాక్యం స్థానంలో రాయాలి.

అసలు లీజు మీద సంతకం చేసిన ప్రతి ఒక్కరూ దీని మీదా చేయాలి. భార్యాభర్తలిద్దరి పేర ఉన్న ఆస్తికి భర్త ఒక్కడి సంతకంతో సరిపెట్టడం తరచూ జరిగే పొరపాటు. ఇద్దరు సాక్షులు ఉండాలి, ప్రతి పేజీలో సంతకాలు ఉండాలి. స్టాంప్ పేపర్ కొన్న తేదీకి ముందు తేదీ వేయకండి. మార్పు జూన్ నుంచే అమలైనా, సంతకం చేసిన రోజే పత్రం తేదీ. అమలు తేదీని విడిగా రాస్తే సరిపోతుంది.

రిజిస్టరైన లీజులో అద్దె మారుతోంది కాబట్టి అడెండమ్‌నూ రిజిస్టర్ చేయించాలి. నోటరీ దానికి బదులు కాదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సంతకం చేసిన నాలుగు నెలల్లోపు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయాలి. ఎంత స్టాంప్ డ్యూటీ పడుతుందో ముందే అక్కడ అడగండి. డ్యూటీ తక్కువ కడితే, మిగతాదీ జరిమానా కట్టేదాకా కోర్టు ఆ పత్రాన్ని సాక్ష్యంగా తీసుకోదు.

ఇక మన ఊళ్లో ఎక్కువగా కనిపించే 11 నెలల అగ్రిమెంట్. రిజిస్టర్ కాని దానికి స్టాంప్ పేపర్ మీద, అందరి సంతకాలతో అడెండమ్ రాసుకోవచ్చు. కానీ అద్దె మార్చడం వేరు, గడువు పెంచడం వేరు. 11 నెలలను అడెండమ్‌తో రెండేళ్లు చేస్తే అది ఏడాది దాటిన లీజు అవుతుంది, రిజిస్ట్రేషన్ తప్పదు. అలాంటప్పుడు కొత్త లీజే రాసుకోండి.

అడెండమ్ కాపీని అసలు లీజుకు జత చేసి ఇద్దరూ చెరొకటి ఉంచుకోండి. జూన్ అద్దె యూపీఐలో పంపేటప్పుడు "జూన్ అద్దె, అడెండమ్ ప్రకారం 35,000" అని రిమార్క్ రాయండి. నవంబర్ దాకా అలాగే రాసి, డిసెంబర్ నుంచి 42,000 పంపండి.