చిన్న మెసేజ్‌కి జవాబు, 3వ పాఠం: ‘ఫోన్ పోయింది’

ఒక్క ముక్కలో వచ్చిన మెసేజ్‌కి అర్థం మనమే ఊహించేసుకోకూడదని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. మరి ఏం చెయ్యాలి? అవతలి మనిషికి టైపింగ్ పని పెట్టకుండా అడగాలి. ఈసారి అది నేర్చుకుందాం.

మీరు ఫోన్ కంపెనీ హెల్ప్‌లైన్‌లో ఉన్నారనుకోండి. వేరే ఎవరిదో నంబరు నుంచి ‘ఫోన్ పోయింది’ అని వచ్చింది, అంతే. మన భాషలో ‘పోయింది’ అంటే ఎక్కడో పడిపోయి ఉండొచ్చు, పాడై ఉండొచ్చు, ఎవరైనా ఎత్తుకెళ్ళి ఉండొచ్చు. దొంగతనమైతే సిమ్ వెంటనే ఆపాలి, కానీ ఫోన్ పాడైందంతే అయితే సిమ్ ఆపి మనమే ఇంకో కష్టం తెచ్చిపెట్టినవాళ్ళం అవుతాం.

‘దయచేసి మీ సమస్యను వివరంగా తెలియజేయండి’ అని పంపితే చాలాసార్లు ఇక జవాబే రాదు. రాయడమే కష్టమైన మనిషిని మనం ఇంకా రాయమన్నాం మరి. ‘పాడైందా, పోగొట్టుకున్నారా?’ అని అడిగితే ‘అవును’ అని వస్తుంది. దేనికి అవును? ఇలా పంపండి:

‘ఫోన్ ఏమైంది? కింది అంకెల్లో ఒకటి పంపండి.
1 కనబడట్లేదు
2 పాడైంది
3 ఎవరో ఎత్తుకెళ్ళారు
4 వేరే
మాటల్లో చెప్పి పంపినా సరే.’

అ, ఆ, ఇ అని పెట్టకండి. చదవడం సరిగా రానివాళ్ళలో కూడా చాలామంది ఫోన్ నంబర్లు నొక్కీ నొక్కీ అంకెలు గుర్తుపడతారు. ‘వేరే’ మాత్రం వదలొద్దు, అది లేకపోతే తమ సంగతి అందులో లేనివాళ్ళు ఏదో ఒకటి నొక్కేస్తారు, మనం తప్పు దారిలో పోతాం. ఆఖరి వరస వాయిస్ మెసేజ్ కోసం. చేతులు వణికి టైప్ చెయ్యలేనివాళ్ళకీ అదే సుఖం. వాళ్ళు చక్కగా చదవగలరు, అందుకని చిన్నపిల్లలతో మాట్లాడినట్టు రాయకండి.

‘2’ అని వచ్చింది. ఉత్తి ‘సరే’ అనకుండా ‘ఫోన్ పాడైంది, అంతేనా?’ అని తిరిగి చెప్పండి, వేలు జారి తప్పు నొక్కి ఉంటే అక్కడే దొరుకుతుంది. అవునన్నాకే రెండో ప్రశ్న, దాన్ని 5 నుంచి మొదలుపెట్టండి:

‘ఏం పాడైంది?
5 స్క్రీన్ వెలగట్లేదు
6 మాట వినబడట్లేదు
7 వేరే’

మళ్ళీ 1 నుంచి పెడితే, ఆలస్యంగా వచ్చిన ‘2’ ఏ ప్రశ్నకో తెలీక తల పట్టుకోవాలి. రెండు ప్రశ్నలు ఒకే మెసేజ్‌లో పెట్టినా ఇదే తంటా.

రెండుసార్లు అడిగినా ఎంపికల్లో లేని జవాబే వస్తుంటే, మెసేజ్‌లో ఉన్నది వాళ్ళు చదవలేకపోతున్నారేమో. అప్పుడు మూడో జాబితా వద్దు, ‘ఫోన్ చెయ్యనా?’ అని మీరే వాయిస్ మెసేజ్‌లో అడగండి.

వచ్చే పాఠంలోపు ఇది చేసి చూడండి: ‘డబ్బు రాలే’ అని వచ్చింది. ఎవరి నుంచి రావాల్సిన డబ్బో తెలీదు. ఒకే ప్రశ్న, మూడు ఎంపికలు, ఒక ‘వేరే’. రాశాక పైకి చదవండి, ఎక్కడ ఊపిరి ఆపాల్సి వచ్చిందో ఆ వరస కుదించండి.