అవుటేజ్ రివ్యూలో ముందు టైమ్‌లైన్ రాయండి

సర్వీస్ డౌన్ అయ్యాక మేనేజ్‌మెంట్‌కు రివ్యూ ఇవ్వాలంటే, కారణం కంటే ముందు టైమ్‌లైన్ రాసుకోండి. గుర్తున్నది కాదు, అలర్ట్‌లు, చాట్, డిప్లాయ్ లాగ్ చూసి రాయాలి. లాగ్‌లు యూటీసీలో ఉంటే ఐదున్నర గంటలు కలపడం మర్చిపోకండి.

మా పేమెంట్ సర్వీస్‌లో 10:02కి డిప్లాయ్ అయింది. 10:05 నుంచి ఎర్రర్లు, 10:31కి అలర్ట్, 10:40కి రోల్‌బ్యాక్. డేటాబేస్ కనెక్షన్లను తిరిగి వదలని కొత్త కోడ్ అసలు కారణం. కానీ దాదాపు నష్టమంతా ఎవరికీ తెలియని ఆ 26 నిమిషాల్లోనే జరిగింది. అలర్ట్ సీపీయూ మీద పెట్టాం, ఫెయిలైన పేమెంట్ల మీద పెట్టలేదు. అందుకే మా మొదటి ఫిక్స్ ఆ అలర్టే.

ప్రభావం దగ్గర "కొందరికి ఇబ్బంది" అని వదిలేయకండి. ఎన్ని పేమెంట్లు ఫెయిలయ్యాయి, వాటిలో డబ్బు కట్ అయినవెన్ని అని విడిగా రాయండి. ప్రతి ఫిక్స్ పక్కన బాధ్యుల పేరు, తేదీ ఉండాలి.