ఎస్కలేషన్ క్లాజు – 3వ పాఠం: సూచీల నుంచి బిల్లు దాకా

పోయిన పాఠంలో, ధరలను పోల్చడానికి ఆధారంగా తీసుకునే బేస్ నెలను ఎలా ఎంచుకుంటారో చూశాం. ఈసారి ఒక బిల్లు తీసుకుని సర్దుబాటు లెక్క కడదాం. ధర ఖరారు చేసిన కాంట్రాక్టే అయినా, ధరల మార్పును బట్టి చెల్లింపును సర్దే ఈ క్లాజు ఉంటే ప్రతి బిల్లునూ ఒక గుణకంతో హెచ్చవేస్తారు:

```
గుణకం = a + b × (L / L0) + c × (M / M0)
```

L కూలీల సూచీ, M సామగ్రి సూచీ; b, c బిల్లులో వాటి వాటాలు. సున్నా ఉన్నవి బేస్ నెలవి, లేనివి బిల్లు కాలానికి వర్తించేవి. a, b, c కలిపితే సరిగ్గా 1 రావాలి. a అనేది సర్దుబాటు తగలని వాటా. ధరలు ఎంత పెరిగినా ఆ మేరకు భారం కాంట్రాక్టరుదే, అందుకే బేరమంతా దాని దగ్గరే నడుస్తుంది.

మన బిల్లు 10,00,000 అనుకుందాం. a 0.15, b 0.30, c 0.55. కూలీల సూచీ 120 నుంచి 126కి, సామగ్రి సూచీ 150 నుంచి 165కి చేరింది.

```
0.15 + 0.30 × (126/120) + 0.55 × (165/150)
= 0.15 + 0.315 + 0.605 = 1.07
```

అంటే అదనంగా రావాల్సింది 70,000.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. సూచీ 150 నుంచి 165కి పెరిగితే 15 పాయింట్లు పెరిగినట్టు, 15 శాతం కాదు. పెరిగింది 10 శాతమే. పాయింట్లనే శాతాలనుకుని లెక్క వేస్తే గుణకం 1.1005 అవుతుంది, అదనం 1,00,500కి ఎగబాకుతుంది. అవతలివాళ్లు తనిఖీ చేస్తే ముందు దొరికేది ఇదే.

ఇంకో చిక్కు, కాంట్రాక్టు మధ్యలో సూచీ సిరీస్ మారడం. పాత సిరీస్‌లో 180 ఉన్న నెలను కొత్తదాంట్లో 100గా తీసుకున్నారనుకోండి. కొన్నాళ్లకు కొత్త సూచీ 104 చూపిస్తుంది. దాన్ని నేరుగా 150తో భాగిస్తే ధరలు దాదాపు మూడో వంతు పడిపోయినట్టు కనిపిస్తుంది. బజారులో అలాంటిదేమీ జరగకుండా బిల్లులో సర్దుబాటు ఒక్కసారిగా కిందికి దిగితే, ముందు అనుమానించాల్సింది సిరీస్‌నే. 104ను పాత, కొత్త సిరీస్‌లను కలిపే లింకింగ్ ఫ్యాక్టర్‌తో, అంటే 180/100 = 1.8తో హెచ్చవేస్తే 187.2 వస్తుంది. 150తో భాగించాల్సింది దాన్ని. ఏ ఫ్యాక్టర్ వాడాలో క్లాజులోనే రాసి ఉంటే తర్వాత టెన్షన్ ఉండదు. రాయకపోతే ఎవరికి లాభించే ఫ్యాక్టర్ వాళ్లు తెస్తారు.

తాత్కాలిక సూచీతో బిల్లు వేస్తే, తుది సూచీ వచ్చాక తేడా తర్వాతి బిల్లులో సరిచేసేలా క్లాజు ఉందో లేదో కూడా చూసుకోండి.

అభ్యాసం: అవే వాటాలు, అదే బిల్లు. కూలీల సూచీ మారలేదు, సామగ్రి సూచీ 135కి తగ్గింది. గుణకం కట్టి, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో రాయండి. క్లాజులో ‘పెరిగితేనే’ అని ఉంటే జవాబు ఎలా మారుతుందో కూడా చూడండి. జవాబు 4వ పాఠంలో. పని ఆలస్యమైతే ఏ నెల సూచీ వాడాలన్నది కూడా అందులోనే.