తండ్రి వృత్తి గడిలో అందరూ ‘వ్యవసాయం’ అని రాస్తే: తొలితరం పట్టభద్రుల వర్గ చలనంపై చిన్న సర్వే, పద్ధతి విభాగంలో సమస్య - పరిష్కారం

నల్గొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలోనో సామాజిక శాస్త్రాల్లో పీజీ చేస్తున్న విద్యార్థి, ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చినవాళ్లు తల్లిదండ్రుల వర్గాన్ని దాటారా లేదా అని తెలుసుకోవడానికి ఒక చిన్న సర్వే తలపెట్టాడనుకుందాం. వివరణ కోసం ఊహించుకున్న లెక్క ఇది: ఒక డిగ్రీ కళాశాల నుంచి 2014, 2015, 2016 సంవత్సరాల్లో బయటికి వచ్చిన తొలితరం పట్టభద్రులు 360 మంది, వారిలోంచి ఎంపిక చేసింది 150 మందిని, సర్వే చేసేది ఒక్కరే, గడువు మూడు నెలలు. ఇలాంటి సర్వేలు సాధారణంగా విశ్లేషణ దగ్గర చెడిపోవు. ఏ జవాబును ఏ వర్గంలో వేయాలో పద్ధతి విభాగంలో ముందే రాసి పెట్టుకోకపోవడం వల్ల చెడిపోతాయి.

సమస్య: తండ్రి వృత్తి గడిలో మూడొంతులకు పైగా ‘వ్యవసాయం’ అని వచ్చింది, ఇక పోల్చడానికి ఏమీ మిగల్లేదు

ప్రశ్నావళిలో ‘తండ్రి వృత్తి’ అని రెండు మాటలు వేసి గీత గీసి వదిలేయడమే దీనికి కారణం. మన ప్రాంతంలో ‘వ్యవసాయం’ అనే మాట ఒక వర్గాన్ని చెప్పదు. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల తరి పొలం ఉన్న రైతూ, దేవరకొండ వైపు ఆరెకరాల చెలక ఉండి రెండు బోర్లు ఎండిపోయిన రైతూ, సొంత భూమి లేక కౌలుకు చేసేవారూ, ఏడాది పొడవునా ఒకే ఆసామి దగ్గర జీతం ఉన్నవారూ, అందరూ అదే మాట రాస్తారు. నారాయణపేట, మక్తల్ వైపు మరో చిక్కుంది. వానాకాలం పంట అయిపోగానే మేస్త్రీ దగ్గర ముందస్తు డబ్బు తీసుకుని ముంబైకో పుణేకో కట్టుబడి పనులకు వెళ్లే తండ్రిని కూడా కొడుకు ‘రైతు’ అనే రాస్తాడు, ఎందుకంటే ఊళ్లో ఆయనకున్న గుర్తింపు అదే. అందులో అబద్ధమేమీ లేదు, కానీ వర్గ చలనాన్ని కొలవడానికి ఆ జవాబు పనికిరాదు.

పరిష్కారం ఒక ప్రశ్నను ఆరుగా విడగొట్టడమే. ఏ పని చేసేవారు, ఆ పని ఎవరి కోసం (సొంతానికా, కూలికా, నెలజీతానికా), సొంత భూమి ఎంత, అందులో నీటి వసతి ఉన్నది ఎంత, ఏడాదిలో ఎన్ని నెలలు ఆ పని, మిగతా నెలలు ఏ పని అని విడివిడిగా అడగాలి. భూమిని ఎకరాల్లోనూ గుంటల్లోనూ రాయించుకోవాలి. ‘రెండెకరాల పది గుంటలు’ అని చెప్పేవారిని ‘సుమారు రెండు’ అనిపించడం మంచిది కాదు.

ఒక జవాబును పూర్తిగా వర్గీకరించి చూద్దాం. నారాయణపేట దగ్గరి ఒక పట్టభద్రుడు మొదట ‘వ్యవసాయం’ అన్నాడు. విడగొట్టి అడిగితే మూడెకరాల చెలక ఉందని, బోరు లేదని, జొన్న, కంది వేసేవారని, సంక్రాంతి దాటాక తల్లిదండ్రులిద్దరూ ఐదారు నెలలు ముంబైలో కట్టుబడి పనికి పోయేవారని, ఇంటికి వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం అదేనని తేలింది. ‘ఏడాది ఆదాయంలో సగానికి పైగా ఏ పని నుంచి వస్తే, ఆ పని వర్గమే కుటుంబ వర్గం’ అని ముందే నియమం రాసుకుని ఉంటే ఈ కుటుంబం కూలి వర్గంలోకి వస్తుంది. అలాంటి నియమం లేకపోతే చిన్న రైతు వర్గంలో పడుతుంది. ఈ ఒక్క నిర్ణయం మీద ఆధారపడి, ఆ పట్టభద్రుడు ఇప్పుడు చేస్తున్న గుమాస్తా ఉద్యోగానికి ఎంత దూరం వచ్చాడన్న లెక్క మారిపోతుంది.

అందుకే పద్ధతి విభాగంలో వర్గాల పేర్లతో పాటు వాటి హద్దులను కూడా రాయాలి. ఇంత చిన్న సర్వేకు ఐదు వర్గాలు చాలు: ప్రభుత్వ లేదా పెద్ద సంస్థల్లో స్థిరమైన నెలజీతం, అస్థిరమైన లేదా తక్కువ నెలజీతం, సొంత దుకాణం లేదా చేతివృత్తి, సొంత భూమి మీద బతికే రైతు, కూలి. నియమాలు రాసుకున్నాక మొదటి 40 జవాబులను ఇద్దరు విడివిడిగా, ఒకరిది మరొకరు చూడకుండా వర్గీకరించాలి. ముప్పై ఒక్క చోట్ల ఒప్పుకుని తొమ్మిది చోట్ల తేడా వచ్చిందనుకోండి, ఆ తొమ్మిదింటిని చూస్తే నియమం ఎక్కడ వదులుగా ఉందో తెలిసిపోతుంది. నా అనుభవంలో కౌలు రైతు దగ్గర, వలస దగ్గరే ఎక్కువ తేడాలు వస్తాయి. ఎన్ని చోట్ల ఒప్పుకున్నారో, ఆ తర్వాత ఏ నియమాన్ని మార్చారో అధ్యాయంలో రాయాలి. దాన్ని దాచడం వల్ల లాభం లేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. రైతు కూతురు నెలకు పన్నెండు వేలకు బట్టల షాపులో లెక్కలు రాస్తుంటే అది వర్గం మారడమే గానీ, పైకి వెళ్లడం అని మనం తేల్చలేం. ఐదు వర్గాల మధ్య ఏ కదలికలను ‘ఎదుగుదల’ అంటారో, వేటిని ‘మార్పు’ అని మాత్రమే అంటారో సర్వే మొదలవ్వకముందే రాసి తేదీ వేయాలి. ఫలితాలు చూశాక గీసుకున్న గీత ఎప్పుడూ మనకు నచ్చిన వైపే వంగుతుంది.

సమస్య: అన్నదమ్ములిద్దరు ఒకే తండ్రి గురించి రెండు రకాలుగా చెప్పారు

అన్న ‘కూలి’ అన్నాడు, తమ్ముడు ‘కిరాణా దుకాణం’ అన్నాడు. ప్రశ్నలో కాలం లేకపోవడమే కారణం. అన్న తన చిన్నప్పటి సంగతి చెప్పాడు, తమ్ముడు ఇప్పటి సంగతి చెప్పాడు. వర్గ చలనంపై జరిగే అధ్యయనాల్లో జవాబు చెప్పేవారికి పద్నాలుగు, పదిహేనేళ్ల వయసున్నప్పటి కుటుంబ వృత్తిని అడగడం పాత ఆనవాయితీ. కానీ ‘మీకు పద్నాలుగేళ్లప్పుడు’ అని అడిగితే మనవాళ్లు లెక్క వేసుకుంటూ కూర్చుంటారు. ‘మీరు పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది, ఇల్లు ఎవరి సంపాదన మీద నడిచేది? వారు ఏం పని చేసేవారు?’ అని అడిగితే జవాబు వెంటనే వస్తుంది. ‘తండ్రి’ అని కాకుండా ‘ఎవరి సంపాదన మీద’ అని అడగడం వల్ల మరో మేలుంది. బీడీలు చుట్టిన తల్లి, వలస పోయిన కొడుకుకు బదులు మనవడిని పెంచిన తాత, వీళ్లంతా లెక్కలోకి వస్తారు.

సమస్య: ‘కుటుంబ వర్గం’ అని అడిగితే ‘బీసీ-డీ’ అని రాశారు

ఇక్కడ తప్పు మన మాటలోనే ఉంది. దరఖాస్తు ఫారాలు నింపి నింపి, వర్గం అంటే రిజర్వేషన్ కేటగిరీ అన్న అర్థమే అందరిలోనూ స్థిరపడిపోయింది. ప్రశ్నావళిలో ‘వర్గం’ అన్న మాట ఎక్కడా రానివ్వకండి. పని, భూమి, జీతం అని మాత్రమే అడగండి. వర్గం అన్నది ఆ జవాబుల నుంచి మీరు తేల్చాల్సింది, వారు చెప్పాల్సింది కాదు. కులాన్ని విడిగా, చివర్లో, ఇష్టమైతేనే చెప్పమని అడగాలి.

‘తొలితరం’ అన్న మాటకూ ఇదే జాగ్రత్త అవసరం. తల్లిదండ్రులిద్దరిలో ఎవరికీ డిగ్రీ లేకపోవడం అని నిర్వచిస్తే, ఇంటర్ తర్వాత టీచర్ ట్రైనింగ్ చేసి ప్రభుత్వ ఉపాధ్యాయుడైన తండ్రి ఉన్న పిల్లలు కూడా తొలితరమే అవుతారు. ఆ తండ్రి ఉద్యోగంలో ఉండగా అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేసి ఉంటే మళ్లీ కారు. రెండు సందర్భాల్లోనూ ఇంటి పరిస్థితి ఒకటే. ‘జవాబు చెప్పేవారు పదో తరగతి పరీక్షలు రాసేనాటికి తల్లిదండ్రుల్లో ఎవరికీ డిగ్రీ లేదు’ అని నిర్వచించి, ఉపాధ్యాయుల పిల్లలను పట్టికలో విడిగా చూపితే చిక్కు తీరుతుంది.

సమస్య: ఇప్పటి ఉద్యోగం గడిలో ‘ప్రిపేర్ అవుతున్నాను’

గ్రూప్-2, కానిస్టేబుల్, డీఎస్సీ పరీక్షలకు చదువుతూ గదుల్లో అద్దెకుండే వారిని నిరుద్యోగులని రాసినా, అసలు లెక్కలోంచి తీసేసినా ఫలితం వంకరపోతుంది. గడచిన ఏడు రోజుల్లో కనీసం ఒక గంటైనా డబ్బు వచ్చే పని చేశారా, గడచిన పన్నెండు నెలల్లో ఎక్కువ కాలం ఏం చేశారు అని రెండు ప్రశ్నలు అడగాలి. జాతీయ శ్రామిక శక్తి సర్వేల్లోనూ ఏడు రోజుల కొలత ఒకటి, ఏడాది కొలత ఒకటి ఉంటాయి. ఉద్యోగం ఉందన్నవారిని నియామక పత్రం ఉందా, పీఎఫ్ కోత పడుతుందా అని అడిగితే స్థిరమైన జీతానికీ అస్థిరమైన జీతానికీ తేడా కొంతవరకు తెలుస్తుంది.

సమస్య: ఫలితాలు నమ్మలేనంత బాగున్నాయి

ఇది అన్నిటికంటే పెద్ద చిక్కు, బయటికి సర్వే విజయంలా కనిపించే చిక్కు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పెడితే రెండు రోజుల్లో జవాబులు వస్తాయి, అందులో ఎక్కువమంది హైదరాబాద్‌లో ఉద్యోగస్తులే. చదువు అయ్యాక ఊళ్లోనే ఉండిపోయి, మళ్లీ పొలం పనికో కూలికో పోతున్నవారు ఆ గ్రూపులోంచి ఎప్పుడో బయటికి వెళ్లిపోయారు, ఉన్నవారు కూడా అడిగితే నామోషీగా అనిపించి జవాబు ఇవ్వరు. ఎదగనివారే కనబడకుండా పోయే సర్వేలో అందరూ ఎదిగినట్టే కనిపిస్తారు.

కళాశాల అనుమతితో ఆ మూడు బ్యాచ్‌ల ప్రవేశ రిజిస్టర్ నుంచి జాబితా తయారు చేసి, అందులోంచి లాటరీ పద్ధతిలో 150 పేర్లు తీయాలి. ఫోన్ తగలకపోతే తోటి విద్యార్థుల ద్వారానో, ఊరికి వెళ్లో వెతకాలి, అంతేగానీ వారి స్థానంలో సులభంగా దొరికే ఇంకొకరిని పెట్టకూడదు.

ఇప్పుడు మన ఊహాజనిత లెక్కకు వద్దాం. 150 మందిలో 96 మంది దొరికారు, వారిలో 60 మంది ఎదుగుదల అని నిర్వచించిన గీత దాటారు. అది 62.5 శాతం. దొరకని 54 మందిలో ఒక్కరూ గీత దాటలేదనుకుంటే అసలు సంఖ్య 40 శాతం, అందరూ దాటారనుకుంటే 76 శాతం. ఈ రెండింటినీ రాయకుండా ‘62.5 శాతం మంది ఎదిగారు’ అని రాయడం సరికాదు. తర్వాత ఆ 54 మందిలో 14 మందిని పట్టుకుని రెండే ప్రశ్నలు అడిగితే ఐదుగురు దాటారని తేలిందనుకోండి. ఇప్పుడు తెలిసిన 110 మందిలో దాటినవారు 65 మంది, అంటే 59 శాతం. హద్దులు 43 నుంచి 70 శాతానికి దగ్గరపడ్డాయి. అంతకంటే ముఖ్యంగా, వెతికి పట్టుకున్న 14 మందిలో దాటినవారు 36 శాతమే. దొరకనివారు దొరికినవారిలాంటివారు కాకపోవచ్చని చెప్పడానికి ఇది బలమైన సూచన.

లాటరీ వల్ల వచ్చే తేడా దీనికి అదనం. 96 మంది మీద వచ్చిన 62.5 శాతానికి అటూ ఇటూ సుమారు పది పాయింట్ల తేడా ఉంటుంది. స్త్రీలు 34 మందే ఉంటే వారి శాతానికి అటూ ఇటూ పదిహేడు పాయింట్ల దాకా ఉండవచ్చు. కాబట్టి స్త్రీ పురుషుల మధ్య పన్నెండు పాయింట్ల తేడా కనిపించినా, ఈ సర్వే దాన్ని నిర్ధారించలేదని పద్ధతి విభాగంలోనే రాయాలి. ఐదు వర్గాలను ఐదింటితో పోల్చే పట్టికలో 25 గడులుంటాయి, అందులో చాలా గడుల్లో ఇద్దరు ముగ్గురే పడతారు. అక్కడ శాతాలు వేయకుండా మనుషుల సంఖ్యనే రాసి, వారిలో ఇద్దరి ముగ్గురి కథను వారి అనుమతితో, ఊరు తెలియకుండా, పూర్తిగా చెప్పడం మేలు.