అప్పు లెక్క – 5వ పాఠం: పీటూపీ అప్పులో రెండు రూపాయల వడ్డీ ఎంతవుతుంది?

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకి జవాబు ముందు చూద్దాం. లక్ష రూపాయలు, ఏడాది గడువు, నెలనెలా సమాన వాయిదాలు, 24 శాతం. మొత్తం వడ్డీ ఎంత? మొత్తం అసలు మీదే వడ్డీ వేస్తే 24,000 అవుతుంది. తగ్గే బాకీ మీద వేస్తే 13,472. ఈ రెండో అంకె వచ్చినవాళ్లు ఈ పాఠం హాయిగా చదవచ్చు. రానివాళ్లు స్ప్రెడ్‌షీట్‌లో ఇది కొట్టి, వచ్చిన 9,456ని 12తో గుణించి, అందులోంచి లక్ష తీసేసి చూడండి.

```
=PMT(24%/12,12,-100000)
```

ఇవాళ అదే లక్షని పీటూపీ యాప్‌లో తీసుకుందాం. ఇక్కడ అప్పిచ్చేది యాప్ కంపెనీ కాదు. మనలాంటి మనుషులే తలా కొంత వేస్తే అది మన లక్ష అవుతుంది. 2017లో ఆర్‌బీఐ పెట్టిన నిబంధనల ప్రకారం ఒక మనిషి ఒకే అప్పుదారుకి 50,000కి మించి ఇవ్వకూడదు. కాబట్టి లక్ష వెనక కనీసం ఇద్దరుంటారు, మామూలుగా చాలామందే ఉంటారు. ఎన్ని యాప్‌లలో తీసుకున్నా అన్నీ కలిపి మన అప్పు 10 లక్షలు దాటకూడదు, గడువు 36 నెలలు మించకూడదు. తాకట్టు ఉండదు. కంపెనీ మధ్యవర్తి మాత్రమే. దాని పేరు ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లోని పీటూపీ కంపెనీల జాబితాలో లేకపోతే ఈ పాఠంలోని లెక్కలేవీ అక్కడ పనికిరావు, ఆ యాప్ తీసేయండి.

మధ్యవర్తికి వడ్డీలో వాటా రాదు, రుసుమే వస్తుంది. 2024 ఆగస్టులో ఆర్‌బీఐ చేసిన సవరణ ప్రకారం ఆ రుసుము ఒక స్థిరమైన మొత్తంగానో, అసలులో స్థిరమైన శాతంగానో ఉండాలి. మనం తిరిగి కట్టడానికీ దానికీ ముడి పెట్టకూడదు. అందుకే అది మామూలుగా మొదట్లోనే, డబ్బు మన ఖాతాలో పడేముందే కోతపడుతుంది. ఈ పాఠమంతా ఆ కోత గురించే.

రుసుము 4 శాతం అనుకుందాం. 4,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 720. ఖాతాలో పడేది 95,280. వాయిదా మాత్రం లక్ష మీదే, నెలకి 9,456. అంటే మన చేతికి రాని 4,720కి కూడా ఏడాదంతా వడ్డీ కడుతున్నాం. నిజంగా పడే రేటు ఎంతో ఇలా తేలుతుంది:

```
=RATE(12,-9456,95280)*12
```

దాదాపు 33.6 శాతం వస్తుంది. మన వాడుకలో చెప్పుకుంటే, రెండు రూపాయల వడ్డీ అని తీసుకున్నది రెండు రూపాయల ఎనభై పైసలయింది. 24 అని పెద్ద అక్షరాల్లో ఉన్నచోట ఆగిపోకండి. రేటుని రుసుములు కలిపిన వార్షిక రేటుగా చూపించాలని నిబంధన ఉంది. ఒప్పందంలో ఆ అంకె వెతికి, మీ లెక్కతో పోల్చండి. రెండూ కలవకపోతే ఏదో ఒక కోత మీ కంట పడలేదన్నమాట. బీమా ప్రీమియం, రిజిస్ట్రేషన్ రుసుము లాంటివి ఇలా దాక్కుంటాయి.

చాలామంది పొరపాటు పడేది గడువు దగ్గర. త్వరగా తీర్చేస్తే వడ్డీ కలిసొస్తుందని ఆరు నెలలకే తీసుకుంటారు. రూపాయల్లో కట్టే వడ్డీ తగ్గే మాట నిజమే. కానీ 4,720 కోత అంతే ఉండి, దాన్ని మోసే నెలలు సగమయ్యాయి. సూత్రంలో మొదటి 12 బదులు 6, వాయిదా 17,853 పెట్టి చూడండి. రేటు 41 శాతం దాటుతుంది, మూడు రూపాయల నలభై ఐదు పైసల వడ్డీ. అదే 36 నెలలకైతే రెండు రూపాయల ముప్పై పైసల దగ్గర ఆగుతుంది. ఇక ఏడాదికి తీసుకుని మూడు వాయిదాలు కట్టి, మిగిలిన 77,182 ఒక్కసారిగా తీర్చేస్తే, ముందస్తు ముగింపు రుసుము లేకపోయినా మూడు రూపాయల ఎనభై పైసలు పడుతుంది. రెండు నెలల సర్దుబాటు కోసం పీటూపీకి వెళ్లొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఆ మాత్రానికి ఊళ్లో రెండు రూపాయలకి చేబదులు దొరికితే అదే చవక.

ఇప్పుడు వాయిదా తప్పితే ఏమవుతుందో చూద్దాం. మా తమ్ముడికి జరిగింది చెబుతాను. అయిదో తేదీ వాయిదా 9,456. ముందురోజు రాత్రి ఖాతాలో 9,500 చూసుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి బ్యాంకు డెబిట్ కార్డు వార్షిక రుసుము 236 తీసుకుంది. మిగిలింది 9,264. వాయిదా బౌన్స్ అయింది. బౌన్స్‌కి బ్యాంకు జీఎస్టీతో కలిపి 590 పట్టింది. వాడు చూసుకోలేదు. మూడు రోజులకి కంపెనీ మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ బౌన్స్, మళ్లీ 590. కంపెనీ ఆలస్య రుసుము 400. 192 రూపాయలు తక్కువైనందుకు 1,580 పోయింది. వాయిదా తేదీకి రెండు రోజుల ముందే, కనీసం వెయ్యి ఎక్కువగా ఖాతాలో ఉంచండి. ఒకసారి బౌన్స్ అయితే రెండో ప్రయత్నం కోసం ఆగకుండా యాప్‌లోనే కట్టేసి రసీదు దాచుకోండి.

ఆ 400 విషయంలో మీకో హక్కుంది. 2023 ఆగస్టులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం జరిమానాని అదనపు వడ్డీగా కలపకూడదు, దానిమీద మళ్లీ వడ్డీ వేయకూడదు. ఎంత జరిమానా, ఎందుకు పడుతుందో ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి.

తప్పిన వాయిదా సిబిల్ లాంటి సంస్థలకి వెళుతుంది. ఎన్ని రోజులు ఆలస్యమో మీ రిపోర్టులో నెలవారీగా కనబడుతుంది. 90 రోజులు దాటితే అది మొండిబాకీ కింద లెక్క, ఆ మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది. పీటూపీలో ఇంకో చిక్కుంది. బ్యాంకులోనైతే మేనేజర్‌ని కలిసి గడువు పొడిగించమని అడగొచ్చు. ఇక్కడ బాకీ పదిమందిది. వాళ్లకి మన వివరాలు తెలుస్తాయి, వాళ్లెవరో మనకి తెలియదు. వాళ్ల సొమ్ముని కంపెనీ తనంతట తాను వదులుకోలేదు, తన జేబులోంచి వాళ్లకి కట్టనూ కూడదు. కాబట్టి కష్టమొస్తుందని తెలిసినప్పుడే, వాయిదా తప్పకముందే రాతపూర్వకంగా అడగండి. సగం కట్టించుకుని ముగించడానికి ఒప్పుకున్నా రిపోర్టులో అది 'సెటిల్డ్' అని పడుతుంది. పూర్తిగా తీర్చినట్టు కాదు.

అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. కానీ డబ్బు లేక ఆటో డెబిట్ బౌన్స్ అయితే 2007 నాటి చెల్లింపుల చట్టంలోని 25వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. రెండేళ్ల దాకా జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. దానికి ముందు నోటీసు రావాలి, అందిన 15 రోజుల్లో ఆ మొత్తం కట్టేస్తే కేసు నిలవదు. అందుకే రిజిస్టర్డ్ పోస్టు వస్తే తీసుకోండి, తిప్పి పంపకండి.

వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే తేదీ, సమయం రాసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి. నెలలో పరిష్కారం రాకపోతే ఆర్‌బీఐ వినియోగదారుల విద్య, రక్షణ విభాగానికి వెళ్లవచ్చు.

వచ్చే పాఠానికి లెక్క: 60,000 అప్పు, 18 నెలలు, 21 శాతం, రుసుము 3 శాతం, పైన జీఎస్టీ. చేతికొచ్చేది ఎంత? అది ఎన్ని రూపాయల వడ్డీ? ఆరో వాయిదాతో పాటు మొత్తం తీర్చేస్తే ఎంతవుతుంది? మూడో ప్రశ్నకి PMT, RATE రెండే సరిపోవు. ఇంకో సూత్రం కావాలి, అది ఆరో పాఠంలో నేర్చుకుందాం.