మీరు స్వయంగా చేసిన పనే అని బ్లాగ్ పోస్టులో కనిపించాలంటే ఎలా రాయాలి?

నా పాత పోస్టుల్లో ఆవకాయ పోస్టు ఒకటి ఉంది. అందులో మొదటి పేరా ఇది: "ఆవకాయకు పుల్లటి, గట్టి మామిడికాయలు ఎంచుకోవాలి. శుభ్రంగా కడిగి, తుడిచి, ముక్కలు కోసుకోవాలి. తగినంత ఉప్పు, కారం, ఆవపిండి వేసి నూనె పోసి కలపాలి." ఇందులో తప్పు ఒక్కటీ లేదు, కానీ జీవితంలో ఒక్కసారి కూడా జాడీ ముట్టుకోని మనిషి కూడా ఇదే పేరా రాయగలరు. నేను ఏటా ఆవకాయ పెడతాను, ఆ సంగతి పోస్టులో ఎక్కడా లేదు. ఈ పోస్టును మళ్లీ మొదటి నుంచి రాశాను. ఎలా రాశానో వరసగా చెప్తాను, మీ విషయం వంట కాకపోయినా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు గూగుల్ సంగతి కాస్త తెలుసుకోవాలి. సెర్చ్ ఫలితాలు బాగున్నాయో లేదో చూడడానికి గూగుల్ మనుషులను పెట్టుకుంటుంది, వాళ్ల కోసం ఒక గైడ్‌లైన్స్ పుస్తకం ఉంది. అందులో నైపుణ్యం, అధికారికత, నమ్మకం అని మూడు కొలమానాలు ఉండేవి. 2022 డిసెంబరులో వాటికి ముందు "అనుభవం" చేర్చి, నాలుగింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో ఈ-ఈ-ఏ-టీ అన్నారు. నాలుగింటిలో నమ్మకమే ముఖ్యమని అందులోనే రాశారు. అయితే ఇది మార్కుల పట్టీ కాదు, మీ పేజీకి ఇన్ని మార్కులని ఎక్కడా పడవు. ఆ మనుషులు ఇచ్చే రేటింగ్ వల్ల మీ ఒక్క పేజీ నేరుగా పైకి పోవడం, కిందికి రావడం కూడా జరగదు. తమ సిస్టమ్స్ సరిగా పనిచేస్తున్నాయా అని చూసుకోవడానికి గూగుల్ ఆ రేటింగులు వాడుకుంటుంది. కాబట్టి ఫలానా ప్లగిన్ పెడితే ఈ-ఈ-ఏ-టీ పెరుగుతుందని ఎవరైనా చెప్తే డబ్బులు పెట్టకండి.

1. రాసేముందు పని చేస్తూ నోట్స్ తీసుకోండి

అనుభవం గుర్తులోంచి రాస్తే అరిగిపోయిన మాటలే వస్తాయి. "తగినంత", "కాసేపు", "మంచి రకం" అన్నవి అలా వచ్చినవే. అందుకే ఈసారి ఆవకాయ పెట్టే రోజు వంటింట్లో ఒక తూకం, ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఏ కాయలు తెచ్చామో (మాకు కొత్తపల్లి కొబ్బరి దొరికింది), టెంకతో కొట్టించి, జీడి తీసి, లోపలి పల్చటి పొర తుడిచాక ముక్కలు ఎంత తూగాయో, ఆవాలు ఎంతసేపు ఎండబెట్టామో అప్పటికప్పుడు రాసుకున్నాను. ఫొటోలు కూడా అప్పుడే తీసుకోవాలి. తీరిగ్గా కూర్చుని రాసేటప్పుడు ఇవేవీ చేతిలో ఉండవు.

మీది ఫోన్ రివ్యూ అయితే ఎన్ని రోజులు వాడారో, రాత్రి ఛార్జింగ్ ఎంత మిగిలిందో రోజూ ఒక లైను రాసుకోండి. ఊరి ప్రయాణం గురించైతే బస్సు ఎక్కిన టైమూ టికెట్టు ఫొటోనూ దాచుకోండి.

2. చేసినవాళ్లకు మాత్రమే తెలిసే చోటు పట్టుకోండి

నా పోస్టు మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చింది ఉప్పు గురించి రాసిన భాగం, అందుకని దీన్ని కొంచెం వివరంగా చెప్తాను. పాత పోస్టులో "ఎనిమిది గ్లాసుల ముక్కలకు గ్లాసు ఉప్పు" అని రాశాను. ఒకావిడ కామెంట్‌లో "అక్కా, మీ కొలతే వేశాను, ఉప్పు కషాయంలా ఉంది" అని రాశారు. ఆ కొలతతోనే మా ఇంట్లో ఏళ్లుగా పెడుతున్నాం, ఎప్పుడూ అలా కాలేదు. ఎందుకని చూస్తే, మా అత్తయ్య వేసేది ఎండబెట్టిన కల్లుప్పు. నేను పోస్టులో వట్టి "ఉప్పు" అన్నాను, ఆవిడ ప్యాకెట్‌లో వచ్చే మెత్తటి ఉప్పు వేశారు.

నమ్మకం కుదరక రెండూ తూకం వేసి చూశాను. 200 మిల్లీలీటర్ల గ్లాసుతో తలకొట్టి కొలిస్తే కల్లుప్పు 200 గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగింది, మెత్తటి ఉప్పు దాదాపు 240 గ్రాములు. పెద్ద పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది, మెత్తటిది సర్దుకుని కూర్చుంటుంది. గ్లాసు ఒకటే, ఉప్పు మాత్రం ఐదో వంతు ఎక్కువ పడింది. ఇప్పుడు పోస్టులో ఇలా ఉంది:

"కిలో ముక్కలకు ఉప్పు 200 గ్రాములు, తూకం వేసే తీసుకోండి. మేము కల్లుప్పు ఎండబెట్టి దంచి వేస్తాం. గ్లాసుతో కొలిచేటట్లయితే దంచకముందే కొలవండి. మెత్తటి ఉప్పే ఉంటే గ్లాసు నిండా వద్దు, ఆరో వంతు తగ్గించండి."

పాత వాక్యానికీ దీనికీ తేడా చూడండి. "నాకు ఇరవై ఏళ్ల అనుభవం" అని ఎక్కడా రాయలేదు. ఏది ఎంత, ఎందుకు, మారితే ఏమవుతుంది అన్నవి మాత్రమే ఉన్నాయి. చదివేవాళ్లకు నమ్మకం ఇక్కడే కలుగుతుంది. ఇలాంటి చోటు మీ పోస్టులో ఎక్కడుందో తెలియాలంటే కింద కామెంట్లు, వాట్సాప్‌లో చుట్టాలు అడిగే ప్రశ్నలు చూడండి. ఒకే ప్రశ్న ఇద్దరు అడిగారంటే అక్కడ మీరు ఏదో తెలిసినట్టు వదిలేశారన్నమాట.

3. చెడిపోయింది కూడా రాయండి, ఎలా తెలిసిందో సహా

ఒక ఏడాది మా జాడీలో పైన బూజు పట్టింది. మూడో రోజు తిరగకలిపాక నూనె పైకి తేలాలి, ముక్కలు దాని కింద మునిగి ఉండాలి. ఆ ఏడు నూనె తక్కువైంది, నేను పట్టించుకోకుండా మూత కట్టేశాను. పది రోజులకు మూత తీస్తే పైకి తేలిన ముక్కల మీద తెల్లటి మచ్చలు, ఆవఘాటు బదులు మగ్గిన వాసన. మొత్తం పారేశాం.

దీన్ని పోస్టులో ఆ అడుగు దగ్గరే పెట్టాను, చివర "జాగ్రత్తలు" అని వేరే జాబితా చేయలేదు, ఎందుకంటే చదివేవాళ్లు నూనె పోసే టైముకి ఆ జాబితా దాకా రారు. ఆవాలు మిక్సీలో ఆపకుండా తిప్పితే పొడి వేడెక్కి చేదెక్కడం కూడా అలాగే, ఆవపిండి దగ్గరే రాశాను. తప్పు జరిగిందని చెప్పడం ఒక్కటే చాలదు. కంటికి ఏం కనిపించింది, ముక్కుకి ఏం తెలిసింది, తర్వాత ఏం మార్చారు, ఈ మూడూ ఉంటేనే అవతలివాళ్లకు ఉపయోగం.

4. మీ ఫొటోలే పెట్టండి, పని మధ్యలోవి

నిండు జాడీ, పక్కన అరటాకు, ఎండుమిరపకాయలు ఉన్న ఫొటో అందంగానే ఉంటుంది గానీ అలాంటిది ఎక్కడైనా దొరుకుతుంది. తూకం మీద ఉప్పు గిన్నె, అంకె కనపడేట్టు తీసినది పెట్టండి. మూడో రోజు నూనె ఎంత పైకి ఉందో చూపించేది పెట్టండి. వెలుతురు సరిగా లేకపోయినా ఫరవాలేదు. ఫొటోకి రాసే ఆల్ట్ టెక్స్ట్‌లో "ఆవకాయ" అని ఒక్క మాట కాకుండా "మూడో రోజు తిరగకలిపాక ముక్కల పైన తేలిన నూనె" అని ఉన్నదున్నట్టు రాయండి. ఇంట్లో తీసిన ఫొటోలు కాబట్టి ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేసి తీయండి, లేకపోతే ఇంటి చోటు ఫొటో ఫైలులోనే ఉండిపోవచ్చు.

5. మీకు తెలిసినదానికి హద్దు గీయండి

పాత పోస్టు చివర నేను "ఆవకాయ జీర్ణానికి మంచిది, షుగర్ ఉన్నవాళ్లూ తినొచ్చు" అని రాసి ఉంచాను. ఎక్కడో విన్నది. ఆవకాయ పెట్టడం నాకు తెలుసు, షుగర్ వైద్యం తెలియదు. ఆరోగ్యం, డబ్బు, చట్టం లాంటి విషయాల్లో తప్పు చెప్తే మనిషికే నష్టం కాబట్టి గూగుల్ కూడా అక్కడ నమ్మకాన్ని ఎక్కువ గట్టిగా చూస్తుంది. ఆ వాక్యం తీసేశాను. దాని బదులు పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుందని, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగమని రాసి, ఆ సంస్థ పేజీకి లింకు ఇచ్చాను.

అలాగే ఏది నాది, ఏది విన్నది అన్నది విడదీశాను. కొలత మా అత్తయ్యది, తూకం వేసింది నేను, బెల్లం ఆవకాయ నేనెప్పుడూ పెట్టలేదు కాబట్టి దాని గురించి రాయలేదు. అప్పటిదాకా ఆ పోస్టులో బెల్లం ఆవకాయకీ ఒక పేరా ఉండేది, తీసేయడానికి మనసొప్పలేదు, అయినా తీసేశాను.

6. రాసిందెవరో మనిషికీ మెషీన్‌కీ తెలిసేలా చెప్పండి

పోస్టు పైన పేరు, ఆ పేరు నొక్కితే మీ గురించి ఒక పేజీ ఉండాలి. ఆ పేజీలో బిరుదులు అక్కర్లేదు. నాదాంట్లో ఏటా ఎంత ఆవకాయ పెడతామో, ఎవరి దగ్గర నేర్చుకున్నానో, ఈమెయిల్ ఏదో ఉన్నాయి. మెషీన్ కోసం పేజీ కోడ్‌లో ఇది పెట్టాలి:

```html
<script type="application/ld+json">
{
  "@context": "https://schema.org",
  "@type": "BlogPosting",
  "headline": "ఆవకాయ: తూకంతో కొలతలు",
  "datePublished": "2021-04-18",
  "dateModified": "2024-05-12",
  "author": {
    "@type": "Person",
    "name": "మీ పేరు",
    "url": "https://example.com/about"
  }
}
</script>
```

చాలా థీములు, ప్లగిన్లు దీన్ని వాటంతటవే పెడతాయి, కాబట్టి ముందు గూగుల్ వాళ్ల Rich Results Test లో మీ లింకు వేసి చూసుకోండి, లేకపోతే రెండుసార్లు పడుతుంది. ఇది ఉన్నంత మాత్రాన పేజీ పైకి రాదు, రాసింది ఫలానా మనిషి అని మెషీన్‌కు తేలిగ్గా అర్థమవుతుంది, అంతవరకే. `dateModified` దగ్గర మాత్రం నిజాయితీగా ఉండండి. ఒక కామా మార్చి కొత్త తేదీ వేయొద్దు. పోస్టు కింద "2024 మేలో ఉప్పు కొలత గ్లాసుల నుంచి గ్రాములకు మార్చాను, కారణం ఇది" అని ఒక లైను పెట్టాను. పాత కొలత చూసి వెళ్లినవాళ్లు తిరిగొస్తే వాళ్లకు కూడా తెలుస్తుంది.

7. ఫలితం ఎక్కడ చూడాలి

మర్నాడే ర్యాంకు చూసి టెన్షన్ పడకండి, మార్పు కనపడడానికి నెలలు పట్టొచ్చు. గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్‌లో Performance తెరిచి, ఆ ఒక్క పేజీ ఎంచుకుని, ఏ మాటలు వెతికి జనం వస్తున్నారో చూడండి. "ఆవకాయ" అన్న ఒక్క మాటకు పైకి రావడం కష్టం. "కిలో ముక్కలకు ఉప్పు ఎంత", "ఆవకాయ పైన తెల్లగా వచ్చింది" లాంటి పొడుగు ప్రశ్నలు జాబితాలో కనిపిస్తుంటే, మీరు స్వయంగా చూసి రాసిన వివరాలే జనాన్ని తెస్తున్నాయని అర్థం. ఆవకాయలాంటివాటికి సీజన్ ఉంటుంది కాబట్టి ఈ మేని నిరుటి మేతోనే పోల్చండి, డిసెంబరుతో కాదు.

నేను ఇంకొకటి కూడా చూస్తాను. కామెంట్లలో "ఉప్పు ఎంత?" అనే ప్రశ్న ఆగిపోయింది. ఇప్పుడు "మిరప్పొడి గుంటూరుదా, ఏ రకం?" అని అడుగుతున్నారు. వచ్చే వేసవికి రెండు రకాలూ తూకం వేసి, రంగు తేడా ఫొటో తీసి, అదే పేజీలో చేరుస్తాను.