ఆవకాయ పార్సిల్ కట్టే ముందు

ఆవకాయ పెట్టడం అయిపోగానే అమెరికాలో ఉన్న పిల్లలకు పార్సిళ్లు కట్టడం మొదలవుతుంది. పచ్చడితో పాటు తలనూనె, సెంటు సీసా, స్ప్రే డబ్బా, పవర్ బ్యాంకు కూడా అదే పెట్టెలో సర్దేస్తుంటాం. ఆ పెట్టె విమానంలో వెళ్లేది కాబట్టి, వీటిలో కొన్ని కనిపిస్తే మొత్తం పార్సిల్ ఆగిపోవచ్చు.

పవర్ బ్యాంకును విడి లిథియం బ్యాటరీగానే లెక్కిస్తారు. అది నలిగినా, లోపల షార్ట్ అయినా తనంతట తానే వేడెక్కి మండుతుంది కనుక, ప్రయాణికుల విమానంలో దాన్ని సరుకుగా వేయడాన్ని అంతర్జాతీయ నిబంధనలు నిషేధించాయి. అందుకే ఇళ్ల నుంచి వచ్చే పార్సిళ్లలో కొరియర్ వారు దాన్ని ఒప్పుకోరు. వెళ్లేవారెవరైనా ఉంటే వారి చేతిసంచీలో పంపడమే మేలు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్ అవర్లే అవుతుంది, విమానంలో సాధారణంగా 100 వరకు అనుమతిస్తారు. ఫోనులోనో లాప్‌టాప్‌లోనో బిగించి ఉన్న బ్యాటరీ సంగతి వేరు. కొందరు అదనపు రుసుముతో తీసుకుంటారు కాబట్టి ముందే అడిగి, పూర్తిగా స్విచాఫ్ చేసి ఇవ్వాలి.

సెంటులో ఆల్కహాల్, స్ప్రే డబ్బాలో ఒత్తిడితో నింపిన మండే వాయువు ఉంటాయి. డబ్బా వెనుక మంట గుర్తు ఉంటే దాన్ని పెట్టెలోంచి తీసేయండి. దేశంలోనే పంపేటప్పుడు రోడ్డు మార్గంలో కొందరు తీసుకుంటారు గానీ, అది ఆయా కొరియర్ నిబంధనలను బట్టి ఉంటుంది.

ఆవకాయకు సాధారణంగా నిషేధం లేదు, భయమంతా నూనె కారడం గురించే. కొత్త పచ్చడి ఇంకా ఊరుతూ ఉంటుంది, పైగా విమానం ఎత్తుకు వెళ్లేకొద్దీ కవర్లో మిగిలిన గాలి వ్యాకోచిస్తుంది. ఈ రెండూ కలిసి అతుకును చీలుస్తాయి. కాబట్టి బాగా ఊరి, నూనె పైకి తేలిన తర్వాతే కిలో చొప్పున గాలి తీసిన కవర్లలో కట్టించి, దానిపై మరో కవరు వేయించి, రాత్రంతా పాత పేపరు మీద బోర్లించి ఉంచండి. తెల్లారేసరికి పేపరు మీద చిన్న నూనె మరక ఉన్నా ఆ ప్యాకెట్టును మళ్లీ కట్టించాల్సిందే. తలనూనె సీసా మూతకు టేపు చుట్టి ఇదే పరీక్ష పెట్టవచ్చు.

ఇక ఖర్చు విషయానికొస్తే, తూకం ఒక్కటే చూస్తే సరిపోదు. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టె కొలతలను గుణించి, చాలామంది కొరియర్లు వాడే 5000తో భాగిస్తే 7.2 కిలోలు వస్తుంది. లోపల ఉన్నది ఆరు కిలోలే అయినా 7.2కే డబ్బు కట్టాలి, కాబట్టి ఖాళీ మిగలని చిన్న పెట్టె ఎంచుకోండి.

లోపల ఉన్న ప్రతి వస్తువునూ జాబితాలో రాయండి, దాచినవి ఎక్స్‌రేలో బయటపడతాయి. పెట్టెకు ఇంట్లోనే టేపు వేయకుండా తీసుకెళ్లి, కౌంటరులో వారు చూసిన తర్వాతే మూయించండి.